పరుగు ఆగాక పెరిగే పల్స్: హనుమకొండ ట్రాక్ మీద 30 సెకన్ల రెప్‌ల డైరీ

నవంబర్ మొదటి వారం: ప్రశ్న

మా బాబాయి కూతురు డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. కాకతీయ యూనివర్సిటీ ఇంటర్ కాలేజ్ మీట్‌లో 800 మీటర్లు పరుగెత్తాలని తయారవుతోంది. 2 నిమిషాల 40 సెకన్లలో పూర్తి చేయాలన్నది టార్గెట్. అంటే సెకనుకు 5 మీటర్లు. అందుకే కోచ్ సార్ ఆమెకు అదే వేగంతో 30 సెకన్ల పరుగు, 60 సెకన్ల నడక, ఇలా ఎనిమిది రెప్‌లు ఇచ్చారు.

ఆమె ఫోన్‌లోని ట్రైనింగ్ యాప్ మాత్రం ఇలాంటి ఇంటర్వెల్స్ చేసేటప్పుడు పల్స్ గరిష్ఠంలో 90 శాతం దాటాలంటుంది. దాటకపోతే చేతి వాచ్ వైబ్రేట్ అయి "ఇంకా వేగంగా" అని చూపిస్తుంది.

"అన్నా, ఉరికేటప్పుడేమో వాచ్‌ల 130 ఉంటది. ఆగి నడుస్తుంటే 160 అయితది. నేను గట్టిగ ఉరుకుతలేనా, వాచ్ ఖరాబయిందా?"

రెండూ కాదని నాకు అనిపించింది. కానీ అనుకుంటే సరిపోదు. పల్స్ ఆలస్యంలో శరీరానిది ఎంత, పరికరానిది ఎంత అని విడదీసి చూడాలి. ఈ డైరీ ఆ పని కోసమే.

అదే నెల: రికార్డర్

చేతి వాచ్ చర్మం మీద ఆకుపచ్చ కాంతి వేసి, తిరిగొచ్చే కాంతిలోని హెచ్చుతగ్గులను బట్టి రక్తం కదలికను అంచనా వేస్తుంది. చేయి ఊగుతుంటే ఆ సంకేతంలో గోల ఎక్కువ. దాన్ని వడకట్టడానికి వాచ్ కొన్ని సెకన్ల డేటాను కలిపి చూస్తుంది, అక్కడే ఆలస్యం వస్తుంది. ఛాతీకి కట్టుకునే స్ట్రాప్ గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది. బీట్‌కూ బీట్‌కూ మధ్య గడిచిన సమయాన్ని నేరుగా కొలుస్తుంది. అందుకే కొలతకు స్ట్రాప్‌నే ఎంచుకున్నాను.

లాప్‌టాప్‌ను ట్రాక్ పక్కన పెడితే లాభం లేదు. మనిషి కొంచెం దూరం వెళ్లగానే బ్లూటూత్ తెగిపోతుంది. కాబట్టి చిన్న ఈఎస్‌పీ32 బోర్డును, అగ్గిపెట్టె అంత పవర్ బ్యాంకును నడుముకు కట్టే పౌచ్‌లో పెట్టాను. బోర్డు మీద మైక్రోపైథాన్, అందులో బ్లూటూత్ కోసం `aioble` లైబ్రరీ ఉన్నాయి. పౌచ్ బయటికి ఒక బటన్ తీశాను. రెప్ మొదలైనప్పుడు ఒకసారి, ఆగినప్పుడు ఒకసారి ఆమె దాన్ని నొక్కుతుంది. బటన్ సమయం, బీట్ సమయం ఒకే గడియారం మీద ఉండాలన్నదే ఇక్కడ ముఖ్యం. ఫోన్ స్టాప్‌వాచ్ వేరు, వాచ్ రికార్డు వేరు అయితే నాలుగైదు సెకన్ల తేడా గురించి మాట్లాడే హక్కే ఉండదు.

స్ట్రాప్ పంపే ప్యాకెట్‌లో (క్యారెక్టరిస్టిక్ `0x2A37`) రెండు రకాల సమాచారం ఉంటుంది. ఒకటి, స్ట్రాప్ స్వయంగా లెక్కకట్టిన పల్స్ అంకె. రెండోది, బీట్ల మధ్య అంతరాలు, సెకనులో 1024వ వంతుల లెక్కలో. మనకు కావలసింది రెండోదే. ఎందుకంటే మొదటి అంకెను స్ట్రాప్ ఇప్పటికే కొంత సగటు చేసి పంపుతుంది. ప్యాకెట్‌లోంచి ఆ అంతరాలను బయటికి తీసే కోడ్ ఇది:

```python
def rr_list(d):
    f = d[0]
    i = 3 if f & 1 else 2
    if f & 8:
        i += 2
    out = []
    if f & 16:
        while i + 1 < len(d):
            v = int.from_bytes(d[i:i+2], "little")
            out.append(v / 1024)
            i += 2
    return out
```

అంతరం 341 వస్తే 341/1024 = 0.333 సెకను. 60ని దానితో భాగిస్తే పల్స్ 180. బీట్ ఎప్పుడు పడిందో తెలుసుకోవడానికి ప్యాకెట్ చేరిన సమయాన్ని వాడకూడదు. ప్యాకెట్లు దాదాపు సెకనుకు ఒకటి చొప్పున వస్తాయి, ఒక్కోదానిలో ఒకటో రెండో మూడో అంతరాలు ఉంటాయి. అంతరాలను వరుసగా కూడుకుంటూ పోతే బీట్ల అసలు వరుస దొరుకుతుంది. అయిదు బీట్ల మధ్యస్థం తీసి పల్స్ రాసుకున్నాను. 180 దగ్గర అయిదు బీట్లంటే రెండు సెకన్లు కూడా కాదు, కాబట్టి నా లెక్క కొత్తగా తెచ్చిపెట్టే ఆలస్యం చాలా తక్కువ.

స్ట్రాప్‌తోనూ చిక్కులున్నాయి. ఈ చలికాలపు పొద్దున చర్మం పొడిగా ఉంటే మొదటి నిమిషాల్లో అర్థం లేని అంకెలు వస్తాయి. ఎలక్ట్రోడ్లను నీళ్లతో తడిపి కట్టుకుని, చెమట పట్టేదాకా వార్మప్ చేస్తే సర్దుకుంటాయి. పరుగులో ఒక బీట్ తప్పిపోతే ఫైల్‌లో 0.36, 0.36 మధ్యలో హఠాత్తుగా 0.72 కనిపిస్తుంది. దాన్ని రెండుగా విడగొడతాను. 0.18, 0.18 అని పక్కపక్కనే వస్తే కలిపేస్తాను. ఇలాంటివి ఒక రెప్‌లో ఒకటో రెండో అయితే పర్వాలేదు, గుంపులుగా ఉంటే ఆ రెప్‌ను లెక్కలోకి తీసుకోను. కళ్లు తిరగడం, గుండె దడతో పాటు ఇలాంటి గీతలు వస్తే మాత్రం అది స్ట్రాప్ సంగతి అనుకోకూడదు, డాక్టర్‌కు చూపించాలి.

డిసెంబర్: అసలు సెషన్

హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, పొద్దున ఆరున్నర. 2021 సెప్టెంబర్‌లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగిన సింథటిక్ ట్రాక్ ఇదే. గీతలు కచ్చితంగా ఉంటాయి కాబట్టి దూరం కొలవడం తేలిక. 140 మీటర్ల నుంచి కోన్లు పెట్టుకుంటూ పోయాను. 30 సెకన్లకు విజిల్ వేసినప్పుడు ఆమె ఎక్కడుందో రాసుకున్నాను.

అంతకుముందు పెట్టిన 800 మీటర్ల టైమ్ ట్రయల్‌లో స్ట్రాప్ మీద ఆమె చూసిన అత్యధిక పల్స్ 196. యాప్ చెప్పే 90 శాతం అంటే 176.

| రెప్ | మొదట్లో | 30వ సెకనులో | ఆగాక గరిష్ఠం | దూరం (మీ.) |
|---|---|---|---|---|
| 1 | 104 | 161 | 164 | 152 |
| 2 | 126 | 170 | 173 | 152 |
| 3 | 137 | 175 | 177 | 151 |
| 4 | 144 | 178 | 180 | 151 |
| 5 | 149 | 181 | 182 | 150 |
| 6 | 153 | 183 | 184 | 149 |
| 7 | 156 | 184 | 185 | 146 |
| 8 | 160 | 186 | 187 | 141 |

మొదటి రెప్‌ను బీట్ బీట్‌గా చూద్దాం. 104 దగ్గర బయలుదేరింది. 5వ సెకనుకు 118, 10వ సెకనుకు 131, 20వ సెకనుకు 150, ఆగేటప్పటికి 161. ఆగిన తర్వాత మరో అయిదు సెకన్లకు 164కు చేరింది. నడుస్తూ పది సెకన్లు గడిచినా ఇంకా 160. 30 సెకన్ల నడక తర్వాత 146, నిమిషానికి 126.

పరుగెత్తిన 30 సెకన్ల సగటు పల్స్ 137. ఆ తర్వాత నడిచిన మొదటి 30 సెకన్ల సగటు 157. నడకలోనే 20 బీట్లు ఎక్కువ! స్ట్రాప్ తప్పు చెప్పడం లేదు, గుండె నిజంగానే అలా కొట్టుకుంటోంది. ఆమె అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

ఈ గీత ఎక్కే తీరును సులువైన సూత్రంతో పట్టుకోవచ్చు:

```
HR(t) = HR0 + (T - HR0) * (1 - exp(-t / tau))
```

ఇందులో `HR0` అంటే రెప్ మొదట్లోని పల్స్, `t` అంటే అప్పటి నుంచి గడిచిన సెకన్లు. `T` అంటే అదే వేగంతో ఇంకా కొనసాగితే పల్స్ ఎక్కడికి చేరాలనుకుంటోందో ఆ అంకె. `tau` అంటే `HR0` నుంచి `T` దాకా ఉన్న తేడాలో 63 శాతం ఎక్కడానికి పట్టే సమయం. ఆ రోజు ఆమె మొదటి రెప్‌కు `T` 194, `tau` 30 సెకన్లు పెడితే గీత చక్కగా కుదిరింది: 104 + 90 × 0.632 = 161.

ఇప్పుడు యాప్ అడిగిన 176ను ఇందులో పెట్టి చూడండి. 104 నుంచి 176కు వెళ్లాలంటే 90లో 72 ఎక్కాలి, అంటే 80 శాతం. దానికి `tau`కు 1.6 రెట్ల సమయం, సుమారు 48 సెకన్లు కావాలి. రెప్ ఉన్నదే 30 సెకన్లు. సరైన వేగంతో పరుగెత్తే మనిషికి మొదటి రెప్‌లో ఆ అంకె రావడం లెక్క ప్రకారమే కుదరదు. వాచ్ మాట విని ఇంకా గట్టిగా ఉరికితే మొదటి రెండు రెప్‌లకే కాళ్లలో శక్తి అయిపోతుంది. మూడో రెప్ ముగిశాక 177 వచ్చింది. అది ఆమె కొత్తగా కష్టపడినందుకు కాదు, మూడోసారి 137 దగ్గర బయలుదేరినందుకు.

ఈ సూత్రానికి హద్దులున్నాయి. `tau` మనిషిని బట్టి, ఫిట్‌నెస్‌ను బట్టి, ఏ పల్స్ దగ్గర మొదలుపెట్టారన్నదాన్ని బట్టి మారుతుంది. ఆగాక వచ్చే చిన్న పెరుగుదలను ఇది చూపించలేదు. చివరి రెప్‌లలో తక్కువ చెబుతుంది కూడా: ఎనిమిదో రెప్‌కు సూత్రం ప్రకారం 181 లేదా 182 రావాలి, నిజంగా 186 వచ్చింది. ఒళ్లు వేడెక్కి, అడ్రినలిన్ పెరిగి, `T` తానే పైకి జరిగిందని నేను అర్థం చేసుకున్నాను.

డిసెంబర్: గుండె ఎందుకు వెనకబడుతుంది

చెల్లెకు ఇది చెప్పడానికే ఎక్కువ సేపు పట్టింది, ఇక్కడ కూడా నిదానంగానే రాస్తాను.

పరుగు మొదలైన మొదటి అడుగుకు కావలసిన శక్తి కోసం కండరం ఆక్సిజన్ దాకా ఆగదు. తనలో సిద్ధంగా ఉన్న ఏటీపీ, క్రియాటిన్ ఫాస్ఫేట్‌లను ఖర్చు చేస్తుంది. ఆ వెంటనే గ్లైకోజెన్‌ను ఆక్సిజన్ లేకుండానే విరగ్గొట్టి మరికొంత తీసుకుంటుంది. అంటే మొదటి సెకన్లలో కాళ్లు చేసే పనికి గుండె అప్పటికప్పుడు జవాబు చెప్పనక్కర్లేదు. ఆ బాకీ తర్వాత తీర్చాలి.

గుండెకు కబురు కూడా ఒకేసారి అందదు. విశ్రాంతిలో గుండెను నెమ్మదిగా ఉంచేది వేగస్ నాడి. పరుగెత్తమని మెదడు కాళ్లకు ఆజ్ఞ ఇచ్చిన క్షణంలోనే ఆ నాడి పట్టు సడలుతుంది, ఒకటి రెండు బీట్లలోనే పల్స్ పైకి లేస్తుంది. మొదటి అయిదు సెకన్లలో 104 నుంచి 118కి వెళ్లడంలో ప్రధాన పాత్ర దీనిదే. ఆపైన ఎక్కడానికి గుండె వేగాన్ని పెంచే సింపథెటిక్ నాడుల పని కావాలి. అవి విడుదల చేసే నారడ్రినలిన్ గుండె లయను నడిపే సైనస్ నోడ్ మీద పనిచేయడానికి సెకన్లు పడుతుంది, పూర్తి ప్రభావం ఇంకా ఆలస్యంగా కనిపిస్తుంది. కండరంలో పేరుకునే ఆమ్లం, ఫాస్ఫేట్ వంటివి "ఇక్కడ కష్టంగా ఉంది" అని నాడుల ద్వారా పంపే సంకేతం కూడా క్రమంగానే బలపడుతుంది.

ఆగినప్పుడు ఇదే కథ తిరగబడుతుంది. మెదడు ఆజ్ఞ ఆగిపోతుంది, కానీ కండరంలోని ఆమ్లం పోలేదు, రక్తంలో అడ్రినలిన్ అలాగే ఉంది, ఖర్చయిన క్రియాటిన్ ఫాస్ఫేట్‌ను తిరిగి నింపడానికి ఆక్సిజన్ కావాలి. గుండె ఆ బాకీ తీరుస్తూ ఉంటుంది. వేగస్ నాడి మళ్లీ పట్టు బిగించేకొద్దీ మొదటి నిమిషంలో పల్స్ గబగబా దిగుతుంది, ఆ తర్వాత దిగుడు నెమ్మదిస్తుంది. రెప్‌లు పెరిగేకొద్దీ వేగస్ అంత తొందరగా తిరిగి రాదు. అందుకే పట్టికలో "మొదట్లో" అన్న వరుస 104 నుంచి 160 దాకా పాకింది.

అదే సెషన్: వాచ్ ఏం చెప్పింది

వాచ్ రికార్డును స్ట్రాప్ ఫైల్ పక్కన పెట్టాను. మొదటి రెప్ ఆగే క్షణానికి అసలు పల్స్ 161, వాచ్ మీద 139. వాచ్ 160 చూపించేసరికి ఆగి 15 సెకన్లు గడిచాయి, అప్పటికి అసలు పల్స్ దిగడం మొదలైంది. శరీరం ఆలస్యం మీద వాచ్ ఆలస్యం ఎక్కి కూర్చుంది. శరీరం ఆలస్యాన్ని మనం తీసేయలేం. వాచ్‌ది మాత్రం స్ట్రాప్ కడితే పోతుంది.

అయిదో రెప్‌లో ఇంకో విచిత్రం. ఎనిమిదో సెకనుకే వాచ్ 184కు ఎగిరి, రెప్ మొత్తం 183, 184, 185 దగ్గర కదలకుండా నిలబడింది. స్ట్రాప్ మీద మాత్రం 149 నుంచి నిదానంగా 181కి ఎక్కింది. అనుమానం వచ్చి వీడియోలో ఆమె అడుగులు లెక్కపెట్టాను. 15 సెకన్లలో కుడికాలు 23 సార్లు పడింది. రెండు కాళ్లకు 46, నిమిషానికి 184. వాచ్ గుండెను వదిలేసి అడుగుల లయను పట్టుకుంది.

దీన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. గుండె గీత ఎప్పుడూ వంగుతూ ఎక్కుతుంది, మెట్టులా ఒక్కసారిగా లేచి బల్లపరుపుగా ఉండదు. అలా కనిపిస్తే అడుగులు లెక్కపెట్టండి. వాచ్‌ను మణికట్టు ఎముక నుంచి రెండు వేళ్లు పైకి జరిపి బిగువుగా కడితే ఈ తప్పు తగ్గింది, పూర్తిగా పోలేదు.

జనవరి: పది సెకన్ల స్ప్రింట్లు

కోచ్ సార్ 60 మీటర్ల పూర్తి వేగం స్ప్రింట్లు కూడా ఇస్తారు, మధ్యలో మూడు నిమిషాల విశ్రాంతి. ఒకదాని లెక్క: 102 దగ్గర మొదలై, గీత దాటేటప్పటికి 132, ఆ తర్వాత పది సెకన్లకు 147. ఆమె మొత్తం శక్తి పెట్టి పరుగెత్తిన పరుగు ఇది, పల్స్ చూస్తే తేలికపాటి జాగింగ్ అనిపిస్తుంది. రెప్ ఎంత చిన్నదైతే గరిష్ఠం అంత దూరంగా, ఆగిన తర్వాతికి జరుగుతుంది.

స్ప్రింట్లలో పల్స్‌ను కష్టానికి కొలతగా చూడడం పూర్తిగా మానేశాం. ఒక్క పనికే వాడుతున్నాం: తర్వాతి స్ప్రింట్‌కు ముందు 105 దగ్గరికి దిగిందా లేదా అని. అయితే పల్స్ దిగిందంటే కాళ్లు సిద్ధమయ్యాయని అర్థం కాదు. గుండె తేరుకోవడం వేరు, కండరం తేరుకోవడం వేరు. అందుకే మూడు నిమిషాల గడువును పల్స్ చూసి తగ్గించం.

జనవరి చివర: ఇప్పుడు ఎలా చదువుతున్నాం

30 సెకన్ల రెప్‌లో ఆమె పల్స్ చూడదు. వాచ్ తెరమీద ల్యాప్ టైమ్ ఒక్కటే ఉంచాం, "ఇంకా వేగంగా" అనే అలర్ట్ ఆఫ్ చేశాం. వేగాన్ని కోన్లు చెబుతాయి. సెషన్ అయ్యాక ఫైల్‌లో రెండు అంకెలు చూస్తాం: ఆగిన పది సెకన్లలోపు వచ్చిన గరిష్ఠం, తర్వాతి రెప్ మొదలయ్యే క్షణపు పల్స్. ఆ రెండింటి పక్కన దూరం పెడితేనే వాటికి అర్థం వస్తుంది.

పట్టికకు మళ్లీ వెళ్తే, అయిదో రెప్ దాకా రెండు అంకెలూ పెరిగాయి, దూరం 150 తగ్గలేదు. శిక్షణ జరగాల్సినట్టే జరుగుతోంది. ఆరో రెప్‌లో ఒక్క మీటరు తగ్గింది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఏడు, ఎనిమిది రెప్‌లలో పల్స్ ఇంకా పెరిగింది, దూరం మాత్రం 146కు, 141కి పడిపోయింది. పల్స్ ఒక్కటే చూస్తే ఎనిమిదో రెప్ అన్నిటికంటే గొప్పగా కనిపిస్తుంది. కానీ 800 మీటర్ల వేగం అప్పటికే చేజారింది.

నడకను 75 సెకన్లకు పెంచి చూశాం. ఎనిమిదో రెప్ ముందు పల్స్ 151, దూరం 148. నాకైతే ఇది నచ్చింది. కోచ్ సార్ ఒప్పుకోలేదు. "నడక పెంచకు. ఆరు రెప్‌ల దగ్గర ఆపు. రేసులో ఆమెకు విశ్రాంతి ఎవరిస్తరు?" అన్నారు. ఆయన మాటలో బలముంది. సెషన్ దేనికోసమో నిర్ణయించాల్సింది ఆయనే, నా ఫైల్ దాన్ని చెప్పలేదు. ప్రస్తుతానికి ఆరు రెప్‌లు, 60 సెకన్ల నడకే నడుస్తోంది.

పల్స్ చూస్తూ పరుగెత్తడం అర్థవంతంగా ఉండేది వారానికోసారి చేసే మూడు నిమిషాల రెప్‌లలోనే. `tau` 30 అయితే 90 సెకన్లకు గీత 95 శాతం ఎక్కేస్తుంది. కాబట్టి చివరి నిమిషంలో కనిపించే అంకె నిజంగా ఆ వేగానిదే. అక్కడ కూడా మొదటి నిమిషం వాచ్ వైపు చూడొద్దని చెప్పాను.

ఇక మిగిలింది ఎండ. ఓరుగల్లులో మార్చి దాటితే పొద్దున ఏడింటికే వేడి మొదలవుతుంది. ఒళ్లు చల్లబరచడానికి చర్మానికి ఎక్కువ రక్తం పోతుంది, చెమటతో నీరు తగ్గుతుంది, అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. రెప్‌ల మధ్య పల్స్ దిగడం కూడా మందగిస్తుంది. డిసెంబర్ అంకెలను ఏప్రిల్ అంకెలతో పోల్చి ఫిట్‌నెస్ తగ్గిందని ఆమె కంగారు పడకూడదు. అందుకే ఇప్పటి నుంచి ప్రతి ఫైల్ పేరులో తేదీతో పాటు ట్రాక్ పక్కన నీడలో ఉన్న ఉష్ణోగ్రత కూడా రాస్తున్నాను. ఏప్రిల్‌లో ఆరు రెప్‌ల సెషన్‌నే ఒకసారి పొద్దున ఆరింటికి, ఇంకోసారి ఎనిమిదింటికి పెట్టి, ప్రతి రెప్ ముందు పల్స్ ఎంత తేడా వస్తుందో ఇక్కడే రాస్తాను.